కేటీ ప్లాన్, 3వ పాఠం: షాడో నుంచి సైన్ ఆఫ్ దాకా

కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, పాత టీమ్ పనిని కొత్త టీమ్‌కి అప్పగించడం. గత పాఠంలో ఆరు నెలల టికెట్లను రకాలవారీగా విడదీసి పెట్టుకున్నాం. ఇప్పుడు అందులో ఒక్క రకాన్ని తీసుకుని, అది పాత టీమ్ నుంచి ఆఫ్‌షోర్ టీమ్ చేతికి ఎలా వస్తుందో చూద్దాం. రాత్రి 2 గంటలకు నడిచే ఇన్‌వాయిస్ జాబ్ మధ్యలో ఆగిపోయింది, అదీ మన టికెట్.

షాడోకి రెండు వారాలు పెట్టుకున్నాం అనుకోండి. పాత ఇంజనీర్ పని చేస్తుంటే కొత్తవాళ్లు స్క్రీన్ షేర్‌లో చూస్తారు. ఊరికే చూస్తే రెండు రోజుల్లో మర్చిపోతారు. అందుకే ప్రతి టికెట్‌కూ స్టెప్పులు కొత్తవాళ్లే రాసి, అదే రోజు పాతవాళ్లతో దిద్దించుకోవాలి. పని స్టెప్పులు రాసి ఉంచే రన్‌బుక్‌లో "జాబ్ రీరన్ చేయాలి" అని ఒక్క ముక్కే ఉంది. పాత ఇంజనీర్ మాత్రం రీరన్‌కి ముందు ఈ క్వెరీ వేస్తాడు:

```sql
SELECT status, COUNT(*)
FROM invoice_stage
WHERE batch_id = 4127
GROUP BY status;
```

`POSTED` 310, `NEW` 190 అని వచ్చింది. ఈ జాబ్ రీరన్ చేస్తే మొదటి రికార్డు నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ 310 ఇన్‌వాయిస్‌లూ రెండోసారి వెళ్లిపోతాయి. అందుకని అతను మిగిలిన 190 మాత్రమే నడిపిస్తాడు. చేతికి అలవాటైపోయిన పని, విడిగా చెప్పాలని అతనికి తట్టదు. "రీరన్ కొట్టకుండా ఇక్కడెందుకు ఆగారు?" అని కొత్తవాళ్లే అడగాలి. నా లెక్కలో షాడో అంటే ఈ ప్రశ్నే.

తర్వాత రివర్స్ షాడో. కీబోర్డు కొత్తవాళ్లది, పాతవాళ్లు పక్కన ఉంటారంతే. జాబ్ నడిపే యాక్సెస్ ఈపాటికి చేతిలో ఉండాలి. లేకపోతే పాత ఇంజనీరే చేస్తాడు, పేరుకి రివర్స్ షాడో, జరిగేది మళ్లీ షాడోనే. యాక్సెస్ రిక్వెస్టులు ప్లాన్ మొదటి రోజే వేయమనేది ఇందుకే.

ఇక్కడ ఒక షీట్ పెట్టండి: టికెట్ నంబరు, రకం, పట్టిన సమయం, పాతవాళ్లు ఎన్నిసార్లు సాయం అందించాల్సి వచ్చింది. ఆ చివరి గడే అసలైనది. వరుసగా రెండు టికెట్లలో అది సున్నా అయితే, సమయం కూడా ఎస్‌ఎల్‌ఏ లోపే, అంటే క్లయింట్‌తో ఒప్పుకున్న సమయం లోపే ఉంటే, ఆ రకం వచ్చేసినట్టు. రివర్స్ షాడో నడిచే రోజుల్లో జాబ్ ఒక్కసారీ ఫెయిల్ కాకపోతే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో మధ్యలో ఆపి చేయించండి. నెలాఖరు పనులు ఈ గడువులో పడేలా తేదీలు ముందే సర్దుకోవాలి.

సైన్ ఆఫ్ మొత్తానికి ఒకటి కాదు, రకానికొకటి. పాత టీమ్ లీడ్, కొత్త టీమ్ లీడ్, క్లయింట్ వైపు అప్లికేషన్ ఓనర్ ముగ్గురూ ఆ షీట్ చూసి సంతకం పెడతారు. "12 సెషన్లు పూర్తయ్యాయి" అన్న లెక్క మీద పెట్టిన సంతకం హాజరుకి సాక్ష్యం అవుతుంది గానీ పని వచ్చిందని చెప్పదు. ఏదైనా మిగిలితే బాధ్యుడి పేరు, తేదీ రాసి షరతులతో సైన్ ఆఫ్ ఇవ్వొచ్చు. అయితే ఆ తేదీ దాటేదాకా పాత ఇంజనీర్‌ని వేరే ప్రాజెక్టుకి వదలకూడదు.

వచ్చే పాఠంలోపు మీ జాబితాలో ఎక్కువగా వచ్చే మూడు రకాలకు ఈ షీట్ తయారు చేసుకోండి. దాంతోనే హైపర్‌కేర్, అంటే అప్పగింత అయిన వెంటనే దగ్గరుండి గమనించే దశ, మొదలుపెడదాం.