బిళ్ళలు వేస్తున్నా ఫిట్స్ ఆగడం లేదా? ముందు పొద్దున చేతుల సంగతి చూడండి

ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలో ఇక్కడ మళ్ళీ చెప్పను. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, చేతిలో తాళాలు పెట్టినా ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టినా ఉపయోగం లేదని, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలని మీకు తెలుసనుకుంటున్నాను. మందు మొదలుపెట్టి నెలలు గడిచినా ఫిట్స్ వస్తూనే ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మూర్ఛ రోగులను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. నా దగ్గరికి "మందు పనిచేయడం లేదు సార్" అంటూ వచ్చేవాళ్ళలో చాలామందికి మందు మంచిదే. అది వాళ్ళకు వచ్చే ఫిట్స్ రకానికి సరిపోయింది కాదు, అంతే.

మొదట చూడాల్సింది: బిళ్ళ నిజంగా కడుపులోకి వెళ్తోందా

దీన్ని దాటేసి స్కానింగులు తీయించుకొచ్చేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. స్ట్రిప్ తీసుకురమ్మని చెప్పి, బిళ్ళలు లెక్కపెడతాను. రోజుకు రెండు చొప్పున 30 రోజులకు 60 అయిపోవాలి. 22 మిగిలి ఉంటే సమస్య ఏంటో అక్కడే దొరికినట్టే. పెళ్ళికి వెళ్ళి రెండు రోజులు మర్చిపోవడం, జ్వరంలో వాంతి అయిపోవడం, షాపులో స్టాక్ లేదని నాలుగు రోజులు ఆగడం, వీటిలో ఏది జరిగినా ఫిట్స్ రావచ్చు. లెక్క సరిగ్గా ఉంటేనే కింద రాసింది చదవండి.

తర్వాత: ఏ రకం ఫిట్స్

ఊళ్ళో ఫిట్స్ అంటే ఒకటే: కింద పడి, బిగుసుకుపోయి, కొట్టుకుని, నురగ రావడం. అది ఒక రకం మాత్రమే. కొందరికి మెదడులో ఒక మూల నుంచి మొదలవుతుంది. ఉన్నట్టుండి పని ఆపేసి, పెదవులు చప్పరిస్తూ, చీర కొంగు నలుపుతూ ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండిపోతారు. పిలిస్తే పలకరు, తేరుకున్నాక కాసేపు అయోమయంగా ఉంటారు. దీన్ని ఫోకల్ ఫిట్స్ అంటాం. కొందరు పిల్లలకు పది సెకన్లు చూపు నిలిచిపోయి, మళ్ళీ ఏమీ జరగనట్టు మాట కొనసాగిస్తారు. ఇది ఆబ్సెన్స్. టీచరు దీన్ని పరధ్యానం అనుకుంటారు. క్లినిక్‌లో ఆ పిల్లలను మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటే చాలాసార్లు మన కళ్ళ ముందే వస్తుంది.

ఇంకొకటి ఉంది. నన్ను ఎక్కువగా మోసం చేసింది అదే.

దొంగ కారణం: పొద్దున్నే విదిలించే చేతులు

ఇంటర్ మొదటి ఏడాది అమ్మాయి, పదహారేళ్ళు, హాస్టల్లో ఉంటుంది. రాత్రి ఒంటిగంట దాకా చదివి, పొద్దున ఐదింటికి లేపితే, ఆరింటికి స్నానానికి వెళ్తూ పడిపోయి కొట్టుకుంది. శివరాత్రి జాగారం చేసిన మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చింది. ఎంఆర్ఐ మామూలుగా ఉంది, మెదడు కరెంటును నమోదు చేసే ఈఈజీ పరీక్ష కూడా మామూలే. కార్బమజెపిన్ అనే మందు 200 మిల్లీగ్రాములు పొద్దున, రాత్రి మొదలుపెట్టారు. తగ్గకపోతే 400కి పెంచారు. మూడు నెలలకు పరిస్థితి ఇంకా చెడిపోయి నా దగ్గరికి వచ్చారు. స్ట్రిప్ లెక్కపెడితే ఒక్క బిళ్ళ కూడా తేడా లేదు.

నేను అమ్మాయినే అడిగాను, "పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు బ్రష్ ఎప్పుడైనా చేతిలోంచి ఎగిరిపోతుందా, అమ్మా?"

ఆమె కంటే ముందు తల్లి మాట్లాడింది. "అయ్యో, ఇంటికొచ్చినప్పుడల్లా అది ఉండేదే సార్. కాఫీ గ్లాసు చేతిలో పెడితే మీదకు ఒలకబోసుకుంటుంది. నిద్రమత్తు అనుకుని తిడుతూనే ఉన్నాను. రెండు నెలల నుంచి మరీ ఎక్కువైంది, ఇంట్లో స్టీలు గ్లాసులే ఇస్తున్నాం."

అమ్మాయి తల వంచుకుని, భుజం దగ్గర్నుంచి చెయ్యి ఎలా విదిలిస్తుందో చేసి చూపించింది. కరెంటు షాక్ కొట్టినట్టు, ఒక్క క్షణం. స్పృహ తప్పదు. లేచిన గంటలోపు నాలుగైదుసార్లు వస్తుంది, తర్వాత రోజంతా బాగానే ఉంటుంది.

ఇవి మయోక్లోనిక్ జెర్కులు. ఎక్కువగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య మొదలయ్యే ఈ జబ్బు పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ. జెర్కులు, పెద్ద ఫిట్స్, కొందరిలో ఆబ్సెన్స్ కూడా కలిసి ఉంటాయి. నిద్ర తగ్గితే, మద్యం తాగితే, కొందరికి మిణుకుమిణుకుమనే లైట్ల ముందు పెరుగుతాయి. పెద్ద ఫిట్స్ గురించి అందరూ చెబుతారు. జెర్కుల గురించి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇంట్లోవాళ్ళకు అది జబ్బులా అనిపించదు. నేను మొదట్లో "ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగేవాణ్ణి. "లేదు సార్" అనేవాళ్ళు. ఆ "లేదు" నమ్మి మరో ఇద్దరికి ఇదే మందు పెంచాను. ఇప్పుడు బ్రష్, గ్లాసు, దువ్వెన అని ఒక్కో వస్తువు పేరు పెట్టి అడుగుతున్నాను.

ఆ మందు ఎందుకు పనిచేయలేదు

మెదడులో ప్రతి నాడీకణం గోడకూ సన్నని తలుపులుంటాయి. సోడియం తలుపు తెరుచుకుంటే కణం ఒక్కసారి కరెంటు వదులుతుంది, వెంటనే తలుపు మూసుకుని క్షణం పాటు విశ్రాంతి తీసుకుంటుంది. ఫిట్స్ మొదలైన చోట కణాలు విశ్రాంతి లేకుండా టపటపా వదులుతూనే ఉంటాయి, పక్క కణాలనూ లాక్కుపోతాయి. కార్బమజెపిన్, ఫెనిటోయిన్ లాంటి మందులు మూసుకున్న సోడియం తలుపును ఇంకొంచెం సేపు మూసే ఉంచుతాయి. మామూలు వేగంతో వెళ్ళే సందేశాలు వెళ్తాయి, అదుపు తప్పిన వేగం మాత్రం తెగిపోతుంది. అందుకే ఈ మందులు వేసుకున్న మనిషి మాట్లాడగలడు, నడవగలడు. ఒక మూల నుంచి మొదలయ్యే ఫోకల్ ఫిట్స్‌కు ఇవి చాలా బాగా పనిచేస్తాయి.

జెర్కులు, ఆబ్సెన్స్ ఇలా ఒక మూల నుంచి పుట్టవు. మెదడు మధ్యలో థాలమస్ అనే భాగం ఉంది. దానికీ మెదడు పైపొరకూ మధ్య కరెంటు ఒక లయలో అటూ ఇటూ తిరుగుతుంది. ఆబ్సెన్స్‌లో ఆ లయ ఈఈజీ మీద సెకనుకు మూడుసార్లు కనిపిస్తుంది. జెర్కుల జబ్బులో ఇంకా వేగంగా, నాలుగు నుంచి ఆరు వరకు ఉంటుంది. థాలమస్ లయకు ఊపు ఇచ్చేవి ముఖ్యంగా కాల్షియం తలుపులు. కార్బమజెపిన్ ఆ లయను ఆపలేదు, చాలామందిలో రెచ్చగొడుతుంది కూడా. పెద్ద ఫిట్స్ కొన్నాళ్ళు తగ్గినట్టు కనిపించినా జెర్కులు పెరుగుతాయి. గ్లాసులు స్టీలుకు మారింది అందుకే.

వాల్‌ప్రోయేట్ ఒకటికి మించిన దారుల్లో పనిచేస్తుంది. సోడియం తలుపుల మీదా పనిచేస్తుంది, మెదడు సహజంగా వేసే బ్రేకు అయిన గాబా అనే రసాయనాన్నీ పెంచుతుంది. అందుకే దాదాపు అన్ని రకాల ఫిట్స్‌నూ పట్టగలదు. లెవెటిరాసెటామ్ దారి వేరు. నాడి చివర ఉండే ఎస్‌వీ2ఏ అనే ప్రొటీన్‌కు అతుక్కుని, ఒక కణం మరో కణానికి సందేశం విడిచే పద్ధతినే నెమ్మదింపజేస్తుంది. క్లోబజామ్, ఫినోబార్బిటాల్ గాబా బ్రేకును గట్టిగా నొక్కుతాయి, కాకపోతే మగతగా ఉంటుంది.

సరిచేయడం

జెర్కులున్న మగపిల్లాడికైతే వాల్‌ప్రోయేట్ ఆలోచిస్తాను. ఈ అమ్మాయికి ఇవ్వలేదు. గర్భంతో ఉన్నప్పుడు వాల్‌ప్రోయేట్ వాడితే నూటికి పది మంది బిడ్డల్లో పుట్టుకతో లోపాలు, నూటికి ముప్పై నలభై మందిలో ఎదుగుదల, చదువు సమస్యలు కనిపించాయి. పదహారేళ్ళ పిల్లకు మొదలుపెట్టిన మందు పెళ్ళయ్యాక కూడా కొనసాగవచ్చని గుర్తుంచుకోవాలి.

లెవెటిరాసెటామ్ 250 పొద్దున, 250 రాత్రి మొదలుపెట్టి, రెండు వారాలకు 500 చొప్పున చేశాం. అది కుదురుకున్నాక కార్బమజెపిన్ వారానికి 200 చొప్పున తగ్గించుకుంటూ ఆపాం. ఈ క్రమాన్ని మీరు సొంతంగా చేయకండి. పాత మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మందులు మార్చేటప్పుడు డాక్టరు చూస్తూ ఉండాలి. లెవెటిరాసెటామ్‌తో కొందరికి విపరీతంగా కోపం, దిగులు వస్తాయి. అది ఇంట్లోవాళ్ళే ముందు గమనిస్తారు, చూసి వెంటనే చెప్పాలి.

మందుతో పాటు నిద్ర. పడుకునే వేళ, లేచే వేళ రోజూ ఒకటే ఉండాలి. హాస్టల్ వార్డెన్‌కు ఒక కాగితం రాసిచ్చాను, ఐదింటి స్టడీ అవర్ నుంచి మినహాయించమని. జాగారం వద్దన్నాను. నిద్ర లేకుండా తీయించిన ఈఈజీలో లయ బయటపడింది. మామూలుగా తీసినప్పుడు బాగుందంటే జబ్బు లేదని అర్థం కాదు.

మిగతావి

సోడియం తగ్గడం, షుగర్ తగ్గడం: ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది. మెదడులో పురుగు తిత్తి: ఫోకల్ ఫిట్స్ అయితే స్కాన్‌లో కనిపిస్తుంది. కళ్ళు గట్టిగా మూసుకుని పది నిమిషాలు కొట్టుకునేవాళ్ళకు ఫిట్స్ కాకపోవచ్చు, ఫోన్‌లో వీడియో తీసుకురండి.

రెండేళ్ళ తర్వాత

ఇప్పుడు రెండేళ్ళుగా ఆ అమ్మాయికి ఫిట్స్ లేవు, జెర్కులు లేవు. మొన్న తల్లి అడిగింది, "మా పక్కింటివాళ్ళ అబ్బాయికి రెండేళ్ళు రాకపోతే ఆపేశారట సార్, మేమూ ఆపుదామా?" ఆ అబ్బాయిది వేరే రకం, అక్కడ ఆ లెక్క చెల్లుతుంది. ఈ జబ్బులో బిళ్ళ ఆపితే ఎక్కువమందికి మళ్ళీ వస్తాయి. కొన్నేళ్ళ తర్వాత మోతాదు తగ్గించే సంగతి చూద్దామని చెప్పి, మరో మూడు నెలలకు రాసిచ్చాను.