వాటర్‌ప్రూఫింగ్ స్పెసిఫికేషన్ రాయడం – 4వ పాఠం: అతుకు, నీటి పరీక్ష, గ్యారంటీ

గత పాఠంలో మన టెర్రస్‌కి 4 మి.మీ. మందం ఏపీపీ బిటుమెన్ మెంబ్రేన్ ఎంచుకున్నాం. షీటు ఫ్యాక్టరీలో తయారవుతుంది కాబట్టి దాని మధ్యలోంచి నీరు దిగడం అరుదు. కారేది సాధారణంగా సైటులో మనిషి చేత్తో అతికించిన చోటే. అందుకే స్పెసిఫికేషన్‌లో ఎక్కువ వాక్యాలు అతుకుల మీదే ఉండాలి.

పక్క అతుకు 100 మి.మీ., చివరి అతుకు 150 మి.మీ. అని అంకెలు మాత్రం రాసి వదిలేస్తే చాలదు. షీట్లు పరవడం నీరు పోయే గొట్టం దగ్గర, అంటే అన్నిటికంటే పల్లంలో మొదలుపెట్టాలి. అప్పుడు పై షీటు అంచు కింది షీటు మీదికి వస్తుంది, వాలున దిగే నీరు అతుకులోకి ఎదురెక్కదు. టార్చ్ వేడి సరిపోయిందో లేదో అంచే చెబుతుంది. కరిగిన బిటుమెన్ అతుకు పొడవునా సుమారు 10 మి.మీ. సన్నని గీతలా బయటికి పొంగాలి. గీత తెగిన చోట అతుకు పట్టలేదని అనుమానించాలి. చల్లారాక మొద్దు మొన ఉన్న తాపీని అంచు వెంట నడిపిస్తే, పట్టని చోట మొన లోపలికి దిగుతుంది. మూడు షీట్లు కలిసే చోట మధ్య షీటు మూలను ఏటవాలుగా కోసేయమని తప్పక రాయండి. కోయకపోతే ఆ మందం పక్కన చిన్న సొరంగం మిగులుతుంది, నీటికి అదే దారి.

ఇక నీటి పరీక్ష. మన టెర్రస్ 12 మీ. × 8 మీ., అంటే 96 చదరపు మీటర్లు. 8 మీటర్ల వైపు 1:100 వాలు ఉంది, కాబట్టి పై అంచుకీ పల్లానికీ తేడా 80 మి.మీ. మెట్ట భాగంలో కనీసం 25 మి.మీ. నీరు నిలవాలంటే పల్లంలో 105 మి.మీ. నిలుస్తుంది. సగటు 65 మి.మీ. కాబట్టి పట్టే నీరు 6.24 ఘనపు మీటర్లు, బరువు 6.24 టన్నులు. పల్లంలో చదరపు మీటరుకి 105 కిలోలు పడుతుంది. నింపే ముందు ఈ అంకెను స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించి ఒప్పించుకోవాలి. ఒప్పుకోకపోతే ఇటుక కట్టతో టెర్రస్‌ను భాగాలు చేసి ఒక్కో భాగం నింపాలి.

బిరడా ఎక్కడ పెట్టాలన్నది చాలామంది రాయరు. గొట్టం నోటి దగ్గర మెంబ్రేన్ అతికిన కాలర్‌కి దిగువన పెట్టాలి. పైన పెడితే ఎక్కువ ప్రమాదమున్న ఆ అతుకుకి నీరే తగలదు, పరీక్ష మాత్రం పాసవుతుంది.

నీరు 48 గంటలు నిలవాలి. మట్టం తగ్గితే అది ఆవిరా, కారుడా? పక్కనే నీళ్లు నింపిన బకెట్ ఒకటి ఉంచి రెండిట్లోనూ ఎంత తగ్గిందో పోల్చండి. కానీ దీన్ని పూర్తిగా నమ్మకండి. 96 చదరపు మీటర్ల మీద 1 మి.మీ. అంటే 96 లీటర్లు. రోజుకి 10 లీటర్లు కారినా మట్టం తగ్గేది సుమారు 0.1 మి.మీ., ఆ తేడా స్కేలుకి అందదు. అసలు తీర్పు స్లాబ్ అడుగునే దొరుకుతుంది. అందుకే సీలింగ్, అడుగు ప్లాస్టర్ వేయక ముందే, పైన స్క్రీడ్, టైల్స్ పరచక ముందే పరీక్ష చేయాలని స్పెసిఫికేషన్‌లో క్రమం కట్టండి. మెంబ్రేన్ కింద స్క్రీడ్ ఉంటే నీరు అందులో పక్కకి పాకి ఎక్కడో దూరంగా చెమ్మగా తేలుతుంది. అక్కడ తడి కనబడటానికి 48 గంటలు చాలకపోవచ్చు, 72 గంటలు రాయండి.

సెల్లార్ గోడకి ఈ సౌకర్యం లేదు. బయటి ముఖం మీద నీరు నిలబెట్టలేం. మట్టి పూడ్చాక అతుకు మళ్లీ కంటికి దొరకదు. కాబట్టి అక్కడ ప్రతి అతుకునూ తాపీ మొనతో పరీక్షించి, ఫొటో తీసి, సంతకం పెట్టాకే రక్షణ బోర్డు బిగించాలి, ఆ తర్వాతే పూడిక. నిజమైన పరీక్ష నీటిని తోడే పంపులు ఆపాక, భూగర్భ నీరు తిరిగి పైకి వచ్చినప్పుడు జరుగుతుంది. 3 మీటర్ల లోతు నీరు గోడ అడుగున చదరపు మీటరుకి దాదాపు 3 టన్నుల ఒత్తిడి పెడుతుంది. పంపులు నడుస్తున్నప్పుడు గోడ పొడిగా ఉంటే అది ఏ రుజువూ కాదు.

గ్యారంటీ గడువు దీన్నుంచే లెక్కించాలి. టెర్రస్‌కి నీటి పరీక్ష నెగ్గిన తర్వాత, సెల్లార్‌కి నీటిమట్టం యథాస్థితికి వచ్చాక మొదలవ్వాలి. బిల్లు తేదీ నుంచి లెక్కిస్తే గోడకి నీరు తగలకముందే గడువు కరుగుతూ ఉంటుంది. తయారీదారు పత్రం తరచూ షీటుకి మాత్రమే ఉంటుంది, చెడిపోతే కొత్త రోల్ ఇస్తారు. కాబట్టి పనితనానికీ హామీ ఉండాలి. మరమ్మతు కోసం టైల్స్, స్క్రీడ్ పగలగొట్టి మళ్లీ వేసే ఖర్చు ఎవరిదో పేరు పెట్టి రాయాలి. వివాదాలు ఎక్కువగా ఈ ఖర్చు దగ్గరే మొదలవుతాయి, మెంబ్రేన్ ధర అందులో చిన్న వాటా.

అభ్యాసం: 10 మీ. × 6 మీ. టెర్రస్‌కి 6 మీటర్ల వైపు 1:80 వాలు ఉంది. మెట్టలో 25 మి.మీ. నీరు నిలవాలి. పల్లంలో లోతు, మొత్తం నీరు, పల్లంలో చదరపు మీటరుకి పడే బరువు లెక్కకట్టండి. జవాబులు 5వ పాఠం మొదట్లో.