ఖాతాలోంచి చడీచప్పుడు లేకుండా పోయే డబ్బును ఎలా పట్టుకోవాలి?

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా మావయ్య దింపు కూలి దగ్గర పది రూపాయలు కూడా వదలడు. అలాంటి మనిషి ఖాతాలోంచి నెలనెలా 348 రూపాయలు పోతున్నాయని మొన్న సంక్రాంతికి తేలింది. ఎలా పట్టుకున్నామో, ఎలా ఆపామో వరుసగా చెప్తాను.

ముందు స్టేట్‌మెంట్ తీయండి. మూడు నెలలది చాలదు, పదమూడు నెలలది కావాలి. ఏడాదికోసారి కట్ అయ్యేవి అప్పుడే బయటపడతాయి. బ్యాంకు యాప్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది, లేదా పాస్‌బుక్ ప్రింట్ వేయించుకోండి. పెద్ద మొత్తాలు వదిలేసి, ఒకే అంకె ఇంచుమించు ఒకే తేదీన మళ్లీ మళ్లీ వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టండి. మావయ్య పాస్‌బుక్‌లో 199, 149 నెలనెలా కనిపించాయి. 650 ఒక్కసారే ఉంది. వీటికి తోడు రెండు బ్యాంకుల్లోనూ మే నెలాఖరున 20 రూపాయల చొప్పున పోయాయి.

199 వరుసను వెనక్కి తిప్పుకుంటూ వెళ్తే, మొదటిదానికి వారం ముందు 1 రూపాయి కట్ అయి ఉంది. అసలు మెలిక అక్కడుంది.

"రూపాయికి సీరియల్ చూడొచ్చంటే నొక్కాన్రా. నెలకి రెండొందలని ఎవడు చెప్పాడు?" అన్నాడు మావయ్య.

"పిన్ కొట్టారు కదా మావయ్యా, అదే సంతకం."

ఆ పిన్ రూపాయికి మాత్రమే కాదు, ఆటోపేకి కూడా. యూపీఐలో ఈ ఆటోపే 2020లో వచ్చింది. ఒకసారి ఒప్పుకుంటే, ఆ తర్వాత 15,000 రూపాయల లోపు కోతలకు మళ్లీ పిన్ అడగరు. కట్ చేసే ముందు రోజు మెసేజ్ రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. వస్తుంది కూడా, కానీ లోన్ ఆఫర్ల మెసేజ్‌ల కింద పడిపోతుంది. మెసేజ్‌లలో "mandate" అని వెతికితే పాతవన్నీ పైకొస్తాయి.

ఇక ఆపడం. యాప్‌ని ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మావయ్యా అదే చేశాడు. యాప్ పోయింది, కోత ఆగలేదు. మీరు వాడే ఫోన్‌పే, గూగుల్ పేలలో మీ ఫొటో మీద నొక్కి Autopay తెరవండి. రెండు మూడు యూపీఐ యాప్‌లుంటే అన్నిట్లోనూ చూడండి. అక్కడ కంపెనీ పేరు, గరిష్ఠ మొత్తం, ఎన్నాళ్లకోసారి, ఎప్పటిదాకా అనేవి ఉంటాయి. కంపెనీ పేరు యాప్ పేరులా ఉండకపోవచ్చు. అందుకే పేరుతో కాక అంకె, తేదీలతో పాస్‌బుక్‌కి జత చేసుకోండి. మావయ్యకి 149 ఎవరిదో అలాగే తెలిసింది, జాతకాల యాప్‌ది. Pause నొక్కితే కొన్నాళ్లు ఆగుతుందంతే, పూర్తిగా పోవాలంటే Cancel లేదా Revoke నొక్కాలి.

650 సంగతి వేరు. మనవడు ఫొటోలకని వేసుకున్న యాప్ అది, డబ్బు ప్లే స్టోర్ ద్వారా పోయింది. స్టేట్‌మెంట్‌లో యాప్ పేరు కాక గూగుల్ పేరే కనిపిస్తుంది. ప్లే స్టోర్‌లో ఫొటో మీద నొక్కి Payments & subscriptions, దాన్లో Subscriptions తెరిచి రద్దు చేయాలి. ఏ ఈమెయిల్‌తో తీసుకున్నారో ఆ ఖాతాలోనే కనబడుతుంది. మావయ్య ఫోన్‌లో రెండు ఈమెయిల్‌లుంటే, రెండోదాంట్లో దొరికింది. రద్దు చేశాక కూడా కట్టిన గడువు వరకు వాడుకోవచ్చు కాబట్టి చివరి రోజుదాకా ఆగక్కర్లేదు.

20 రూపాయలు చూసి మావయ్య దాన్నీ తీసేయమన్నాడు. తీయకూడదు. అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకి 2 లక్షలు వస్తాయి. అయితే రెండు బ్యాంకుల్లో కట్టినా ఒక్కదానికే డబ్బిస్తారు. కాబట్టి ఒకటి ఉంచి, రెండో బ్యాంకు శాఖలో ఆపమని కాగితం రాసిచ్చాం. అప్పు వాయిదా ఆటోపే మాత్రం ముట్టుకోకండి. కోత ఆగినా అప్పు ఆగదు, పైన జరిమానా పడుతుంది.

రద్దు చేయడానికి నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేయొద్దు. అవతలివాడు పంపిన దానికి పిన్ కొట్టమన్నాడంటే మోసమే.

రద్దయిన తెరను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మావయ్య 199 కోత తేదీ ప్రతి నెలా 9. మరుసటి నెల 10న పాస్‌బుక్ చూశాం. 199 లేదు, 149 మాత్రం మళ్లీ కట్ అయి ఉంది. దానికి Pause నొక్కింది నేనే.