కోర్టు కాగితాలు చదవడం – 4వ పాఠం: వకాలత్‌లో పేరు, నంబరు, సంతకం

కిందటి పాఠంలో సమన్లతో వచ్చిన దావా నకలు ఎలా చదవాలో చూశాం. ఈసారి ఆ నకలును పక్కన పెట్టుకుని, టైపు చేసి తెచ్చిన వకాలత్‌ను, అంటే మన తరఫున కేసు నడపమని వకీలుకు అధికారమిచ్చే కాగితాన్ని, సరిచూద్దాం. సరిచూడడమంటే వకాలత్‌ను పదిసార్లు చదవడం కాదు, దావా నకలుతో పోల్చడం. వకాలత్ ఒక్కదాన్నే ఎన్నిసార్లు చదివినా అందులోని తప్పు నంబరు ఒప్పులాగే కనిపిస్తుంది.

ఒక కేసు తీసుకుందాం. పేర్లూ నంబర్లూ ఈ పాఠం కోసం కల్పించినవే. అల్లవరం వైపు ఎకరంన్నర కొబ్బరి తోట మీద అమలాపురం కోర్టులో పంపకాల దావా పడింది. వాది పెద్దకొడుకు. ప్రతివాదులు ముగ్గురు: 1వ ప్రతివాది తమ్ముడు గుబ్బల సత్యనారాయణ, 2వ ప్రతివాది తల్లి గుబ్బల సూరమ్మ, 3వ ప్రతివాది పెళ్లయి హైదరాబాదులో ఉంటున్న చెల్లెలు. దావా నంబరు ఓఎస్ 214/2023. తమ్ముడు తెచ్చిన వకాలత్‌లో మాత్రం 241/2023 అని ఉంది.

ముందు నంబరు సంగతి. ఇద్దరు కూర్చోండి. దావా నకలు ఒకరి చేతిలో, వకాలత్ రెండోవారి చేతిలో ఉండాలి. నకలు పట్టుకున్నవారే పైకి చదవాలి, అదీ అంకె అంకెగా: "ఓఎస్, రెండు, ఒకటి, నాలుగు, బై, రెండువేల ఇరవైమూడు." "రెండు వందల పద్నాలుగు" అని చదివితే వినేవారి కన్ను జారిపోతుంది. అంకెలు విడివిడిగా వినబడితే 14 తారుమారై 41 అయిన చోట ఠక్కున ఆగుతుంది. ఒక్కరే ఉంటే వకాలత్‌లోని నంబరును కుడి నుంచి ఎడమకు, నకలుతో పోలుస్తూ చదవండి.

నంబరు మీద ఇంకా అనుమానం ఉంటే services.ecourts.gov.in లో సీఎన్ఆర్ నంబరు, అంటే ఒక్కో కేసుకు విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, కొట్టి చూడొచ్చు. అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉంటాయి, మన రాష్ట్రంలో AP తో మొదలవుతుంది. తెరమీద ఫైలింగ్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు అని రెండు కనిపిస్తాయి. వకాలత్‌లో రాయాల్సింది రిజిస్ట్రేషన్ నంబరు. తొందరలో పైనున్న ఫైలింగ్ నంబరు ఎత్తి రాసేవాళ్లు చాలామంది. కోర్టు పేరు కూడా సమన్ల మీద ఎలా ఉంటే అలాగే రాయాలి. ఒకే ఆవరణలో ప్రిన్సిపల్ కోర్టు, అదనపు కోర్టు పక్కపక్కనే ఉంటాయి. ఒక్క మాట వదిలేస్తే కాగితం వేరే సెక్షన్‌కు పోతుంది.

ఇక పేర్లు. ఆధార్‌లో "సత్యనారాయణ గుబ్బల" అని ఉందని తమ్ముడు అలాగే టైపు చేయించాడు. దావాలో ఇంటిపేరు ముందుంది. కోర్టులో వకాలత్‌ను పోల్చేది దావా మొదటి పేజీలోని పార్టీల వరసతోనే, ఆధార్‌తో కాదు. కాబట్టి ఇంటిపేరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, అన్నీ దావాలో ఉన్నట్టే రాయాలి. మరి దావాలోనే తప్పుంటే? ఇక్కడ వాది తన తల్లి పేరు "సూర్యమ్మ" అని రాయించాడనుకుందాం. ఆమె అసలు పేరు సూరమ్మ. మనం మారుమాట లేకుండా దిద్దేసుకుంటే రికార్డులో ఇద్దరు మనుషులు తయారవుతారు. "గుబ్బల సూర్యమ్మ (సరైన పేరు సూరమ్మ)" అని రాసి, ఆ సంగతి జవాబుదావాలో కూడా చెప్పించండి. దావాను సవరించుకోవడం వాది పని.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది సంతకాల దగ్గర. మన వకాలత్‌లో "1 నుంచి 3 ప్రతివాదుల తరఫున" అని ఉంది. కింద ఉన్నవి మాత్రం తమ్ముడి సంతకం, తల్లి వేలిముద్ర. మూడో గీత ఖాళీ. ఆ గీత మీద తమ్ముడు చెల్లెలి పేరు రాసి సంతకం పెడదామనుకున్నాడు, చెల్లెలు ఫోనులో సరేనందట. ఇది చేయకూడదు. చెల్లెలు సంతకం పెట్టకుండానే ఆమె కోర్టుకు వచ్చినట్టవుతుంది, రేపు ఆమె "నేను పెట్టలేదు" అంటే మొత్తం వకాలత్ మీదే మచ్చ.

"ఆమె ఆథరైజేషన్ లెటరు పంపింది కదా" అని తమ్ముడు అడిగాడు. ఇక్కడే చాలామంది పొరబడతారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3, రూల్ 4 ప్రకారం వకాలత్ మీద సంతకం పెట్టేది పార్టీ, లేదా ఆ పార్టీ గుర్తింపు పొందిన ఏజెంటు, లేదా పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా అధికారం పొందిన మనిషి. తెల్లకాగితం మీద రాసిన లెటరు పవర్ ఆఫ్ అటార్నీ కాదు. కాబట్టి దారి ఇదీ: ఇప్పటి వకాలత్‌ను "1, 2 ప్రతివాదుల తరఫున" అని మార్చి టైపు చేయించి, ఆ ఇద్దరి చేతా సంతకం, వేలిముద్ర మళ్లీ తీసుకోవాలి. చెల్లెలికి వేరే వకాలత్ తయారుచేసి కొరియర్‌లో పంపి, ఆమె చేత సంతకం చేయించి, అసలు కాగితమే తెప్పించాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ప్రింటు పనికిరాదు.

తల్లి వేలిముద్ర చూడండి. ఎడమ బొటనవేలిదై ఉండాలి, గీతలు కనబడాలి. సిరా ఎక్కువై ముద్దలా పడితే మళ్లీ వేయించండి. పక్కనే "ప్రతివాది 2 గుబ్బల సూర్యమ్మ (సరైన పేరు సూరమ్మ) ఎడమ బొటనవేలి ముద్ర" అని రాయాలి. మన వకాలత్ ఫారాల్లో కింద ఒక ధ్రువీకరణ ఉంటుంది: ఇందులోని విషయాలు తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని నా ఎదుట ముద్ర వేశారు అని. ఆ ధ్రువీకరణ కింద ధ్రువీకరించినవారి సంతకం, తేదీ ఖాళీగా ఉంటే ముద్ర ఎంత చక్కగా ఉన్నా లోపమే. ఆ పని ముందు నిజంగా జరగాలి, తరవాతే సంతకం. సూరమ్మగారికి ఆ కాగితం ఎందుకో చదివి చెప్పాల్సిన బాధ్యత మనది. చివరగా వకీలుగారు అంగీకరిస్తూ పెట్టే సంతకం, వకీళ్ల సంక్షేమ నిధికి అంటించే వెల్ఫేర్ స్టాంపు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇలాంటి లోపాల గురించి సుప్రీంకోర్టు 2005లో ఉదయ్ శంకర్ త్రియార్ కేసులో వివరంగా చెప్పింది. తేదీ లేకపోవడం, సంతకం పెట్టిందెవరో పేరు రాయకపోవడం, సంస్థ తరఫున పెట్టినవారు ఏ హోదాలో పెట్టారో చెప్పకపోవడం వంటివి వకాలత్‌లలో తరచూ కనిపిస్తున్నాయంది. ఇవి సరిచేసుకోదగిన లోపాలే, సరిచేసుకునే అవకాశం ఇవ్వాలంది. అయినా కాగితం రిటర్న్ అయితే ఒక వాయిదా పోతుంది. ఇంజంక్షన్ పిటిషన్ కూడా ఉన్న కేసులో ఆ వాయిదా ఖరీదైనదే.

చెల్లెలి లెటరు వృథా కాదు. ఆమె తరఫున కాగితాలు అందించడానికి, తెచ్చుకోవడానికి సత్యనారాయణకు అది సరిపోతుంది. అందులో నాలుగు చూడాలి: ఇచ్చేవారి పేరు, పుచ్చుకునేవారి పేరు తారుమారు కాలేదా, దావా నంబరు ఉందా, ఏ పనికో స్పష్టంగా ఉందా, సంతకాలు ఎవరి గీత మీద వారివేనా. "పై వ్యక్తి నమూనా సంతకం" అన్నచోట సత్యనారాయణ సంతకం, దానికింద "నేను ధ్రువీకరిస్తున్నాను" అన్నచోట చెల్లెలి సంతకం ఉండాలి. ఈ లెటరులో రెండుచోట్లా చెల్లెలే పెట్టింది. తిప్పి పంపాల్సిందే.

సాధన: మీ ఇంట్లో పాత కేసు కాగితాలుంటే దావా నకలు, వకాలత్ తీయండి. వకాలత్‌లో "ఎవరి తరఫున" అన్న వరసను, కింది సంతకాల సంఖ్యను ముందు సరిపోల్చండి. తరవాత నంబరు, ఆ తరవాత పేర్లు. వచ్చే పాఠంలో జవాబుదావా కింద ఉండే వెరిఫికేషన్ పేరా చూద్దాం.