తమ్ముడి రాజీనామా మెయిల్ ఇలా సరిచేశాను

పర్లాకిమిడిలో ఇంటి నుంచే కోడ్ రాసే మా తమ్ముడు రాజీనామా మెయిల్ పంపి, ‘ఓసారి చూడన్నా’ అన్నాడు.

‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అని ఉంది. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అని మార్చాను. ఎంతకాలమో చెబితే ఫర్, ఎప్పట్నుంచో చెబితే సిన్స్. ‘డిస్కస్ అబౌట్ హ్యాండోవర్’లో అబౌట్ తీసేసి, హ్యాండోవర్ ముందు ‘ది’ పెట్టాను.

శుక్రవారం కొత్త కోడ్ విడుదల చేయాలంటే ఉండే భయాన్ని టీమ్ పోగొట్టిందని చెప్పే ‘యూ ఆల్ కిల్డ్ మై ఫ్రైడే డిప్లాయ్ ఫియర్’ మాత్రం ముట్టుకోలేదు. అందులో వ్యాకరణం తప్పు లేదు, మాట అచ్చంగా వాడిదే. దాని బదులు ‘థాంక్స్ ఫర్ ది ఆపర్చునిటీ’ అని పెడితే ఆ మెయిల్ ఎవరిదైనా కావచ్చు.

ఎక్కడో అడుగున ఉన్న చివరి పనిరోజు తేదీని మొదటి వాక్యంలోకి తెచ్చాం. హెచ్‌ఆర్ వాళ్లు ముందు వెతికేది అదే.