వాట్సాప్ తగాదాలో స్క్రీన్‌షాట్ మీదే ఆధారపడకుండా సాక్ష్యం సిద్ధం చేసుకోవడం ఎలా?

పలాసలో జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. ఉద్దానం రైతు ఒకాయన 20 బస్తాలు తోలి, బస్తాకు 14,000 చొప్పున 2,80,000 రూపాయలు రావాలన్నారు. వ్యాపారి 13,000 చొప్పున 2,60,000 మాత్రమే చెల్లించారు. 20,000 రూపాయల తేడా మీద పెద్దల ముందు కూర్చున్నప్పుడు ఇద్దరూ చెరొక స్క్రీన్‌షాట్ చూపించారు. రైతు చూపినదానిలో వ్యాపారి పంపిన మాట ఇలా ఉంది: "బస్తా 14 వేలు. ఖాయం." వ్యాపారి చూపినది సరిగ్గా దాని తరువాతి మెసేజ్‌తో మొదలైంది: "పిక్క ఆరితేనే. పచ్చిగా ఉంటే 13." దాని కింద రైతు "సరే" అన్నారు.

రెండింటిలోనూ కల్పన లేదు. ఎవరికి కావలసిన చోట వారు కత్తిరించుకున్నారు, అంతే. ఫోనులో సంభాషణను మొదటినుంచి చదివించినప్పుడు ఇద్దరూ చూపని భాగం బయటపడింది. మూడు రోజులు ఎండబెట్టానని రైతు ఫొటో పంపగా, కాటా నాటి ఉదయం వ్యాపారి "చూశాను, బాగున్నాయి" అని జవాబిచ్చారు. రైతుకు అన్నిటికంటే అక్కరకు వచ్చే ఆ మాట ఆయన స్క్రీన్‌షాట్‌లోనే లేకపోవడం విచిత్రం. అందుకే మొదటి పనిగా, మీకు అనుకూలమైన వాక్యాన్ని వెతకడం మాని, బేరం మొదలైన రోజు నుంచి డబ్బు చేతికి వచ్చిన రోజు వరకు వరుసగా చదవండి.

కత్తిరింపు కంటే మోసపూరితమైనది పేరు. సంభాషణ పైన కనిపించే పేరు ఆ ఫోను యజమాని తన కాంటాక్ట్‌లలో దాచుకున్న పేరే. వేరొక నంబరును వ్యాపారి పేరుతో దాచి, ఆ నంబరు నుంచి కావలసిన మెసేజ్ పంపించుకుంటే, ఏ ఎడిటింగ్ యాప్ అవసరం లేకుండానే నమ్మదగిన స్క్రీన్‌షాట్ తయారవుతుంది. కనుక ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపితే, ఫోను తెరిచి ఆ పేరును నొక్కి, వచ్చే నంబరు చూపమని అడగండి. తేదీని కూడా అడగాలి, ఎందుకంటే మెసేజ్ పక్కన గంటలు, నిమిషాలే ఉంటాయి. కత్తిరించిన బొమ్మలో అది ఏ రోజుదో తెలియకపోవచ్చు.

తరువాతి పని ఆలస్యం చేయకూడదు. వాట్సాప్‌లో పంపినవారు 15 నిమిషాలలోపు మెసేజ్‌ను మార్చవచ్చు. అందరికీ కనబడకుండా తొలగించడానికి రెండు రోజులకు పైగా గడువు ఉంటుంది. మార్చినట్టు, తొలగించినట్టు గుర్తు మిగులుతుంది గానీ పాత మాట మిగలదు. తగాదా వాసన తగిలిన రోజునే సంభాషణ తెరిచి, ఆండ్రాయిడ్‌లో పైనున్న మూడు చుక్కలు, తరువాత More, ఆపైన Export chat నొక్కి, ఫొటోలతో సహా మీ మెయిల్‌కు పంపుకోండి. అందులో ప్రతి మాటకూ తేదీ, సమయం ఉంటాయి. అయితే అది కూడా ఎవరైనా తెరిచి దిద్దగల మామూలు టెక్స్ట్ ఫైలే కాబట్టి, అసలు సంభాషణను ఫోనులోంచి చెరపవద్దు. ఫోను మార్చినా పాతది అమ్మవద్దు. ఇరుపక్షాల ఫోన్లలోనూ అదే సంభాషణ అదే వరుసలో ఉంటే, ఒకరు దిద్దారన్న వాదన దాదాపు నిలవదు.

విషయం కోర్టు వరకు వెళితే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ చూడాలి. ప్రింటు తీసిన స్క్రీన్‌షాట్ నకలు మాత్రమే గనుక దానితో ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగాన్ని పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండో భాగాన్ని నిపుణుడు నింపుతారు. పాత చట్టం కింద 2020లో సుప్రీంకోర్టు, యజమానే అసలు పరికరాన్ని తెచ్చి సాక్ష్యం చెబితే ఆ పత్రం అక్కర్లేదని చెప్పింది. ఫోనును భద్రపరచమనడానికి ఇది మరో కారణం. డబ్బు ముట్టిందా లేదా అన్నదానికి చెల్లింపు యాప్ బొమ్మను నమ్మకుండా, ఇరువురి బ్యాంకు స్టేట్‌మెంట్లలో ఆ చెల్లింపును గుర్తించే యూటీఆర్ నంబరు సరిచూడండి.

ఇంత చేసినా ఒక ఖాళీ మిగులుతుంది. పై సంభాషణలో "సరే"కు, ఎండబెట్టిన ఫొటోకు నడుమ నాలుగు నిమిషాల కాల్ ఒకటి ఉంది. అందులో ఏమనుకున్నారో Export chat ఫైలులోనూ రాదు. ఇలాంటి కాల్ పెట్టేసిన వెంటనే "ఇప్పుడు అనుకున్నట్టు, ఆరిన పిక్కకు 14 వేలు, కాటా దగ్గర మీరు చూసి ఒప్పుకున్నాకే లెక్క" అని ఒక మెసేజ్ పంపి, అవతలివారి జవాబు వచ్చాకే బస్తాలు బండికి ఎక్కించండి.