మేస్త్రీని "ఎప్పుడవుతుంది?" అని అడక్కండి

అలా అడిగితే "వారంలో అయిపోద్ది సార్" అనే అంటారు. "పని ఎక్కడ ఆగింది, ఎవరి కోసం ఆగింది?" అని అడగండి. మా బాత్రూమ్ పని ఆగినప్పుడు ఇలా అడిగితే, వాటర్‌ప్రూఫింగ్ చేసే అతను వేరే సైటుకు వెళ్లాడని తేలింది. నేను టైల్స్ ఎంచుకోకపోవడం కూడా ఒక కారణమే, ఒప్పుకోవాలి. అతను సోమవారం వస్తే అక్కణ్ణుంచి 12 రోజులని ఇద్దరం కూర్చుని లెక్కేశాం.

మేస్త్రీకి ఇంకా ఇవ్వాల్సిన 60 వేలను తేదీలకు కాకుండా పనికి ముడిపెట్టాం. వాటర్‌ప్రూఫింగ్ చేసి, 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది సీలింగ్‌కు చెమ్మ రాలేదని చూశాక 20 వేలు. టైల్స్, గ్రౌటింగ్ అయ్యాక 25. కుళాయిలు బిగించి, లీకులు లేవని చూశాక 15. ఇదంతా కొత్త తేదీతో సహా వాట్సాప్‌లో పెట్టి, ఆయనతో "ఓకే" అనిపించుకున్నాను. మధ్యలో అడ్వాన్స్ అడిగితే ఆ మెసేజే చూపించాను.